రెండు రంగుల చుక్కలు



(దివిసీమ పాల కేంద్రాల్లో రోజూ నడిచే పద్ధతుల మీద అల్లిన కథనం. ఊరి మనుషులు, వాళ్ల మాటలు, ఆ కేంద్రం అంకెలు కల్పితం. పాల గుణం, పరీక్షల తీరు, చరిత్ర ఉన్నవి ఉన్నట్టే.)

"నిన్న ఏడున్నర. ఇవాళ ఆరూ ఎనిమిది. రాత్రికి రాత్రి మా గేదె వెన్న ఎవరు తినేశారు సెక్రటరీ గారూ?"

పిన్ని గొంతు పాల కేంద్రం వరండా దాటి రోడ్డు మీదికి వినిపించింది. డిసెంబరు నెల, పొద్దున్న ఆరు. హంసలదీవికి కూతవేటు దూరంలో ఉన్న ఊరది. వరి కోతలు అయిపోయాయి, కోయకముందే చల్లిన మినుము కొయ్యకాళ్ల మధ్య రెండాకులేసింది. క్యాన్లతో, బిందెలతో లైన్లో నిలబడ్డ జనం ఒక్కసారి ముందుకు జరిగారు. మిషన్ దగ్గర కూర్చున్న టెస్టర్ కుర్రాడు తలెత్తలేదు.

"మిషన్ ఎంత చూపిస్తే అంతే రాశాం పిన్నీ," అన్నాడు సెక్రటరీ.

"మిషనుకేం తెలుసు నాయనా, దాని వెనక ఉన్నవాళ్లకి తెలియాలి గానీ."

లైన్లో నవ్వులు. పిన్ని వెనకాల పెద్దాయన నిలబడి ఉన్నాడు. అయిదు గేదెల కాపు, ఊళ్లో అందరికంటే ఎక్కువ పాలు పోసేది ఆయనే. ఆయన మాట మెత్తగా ఉంటుంది, దెబ్బ మాత్రం గట్టిగా తగులుతుంది. "అబ్బాయ్, నెలనాళ్ల నుంచి నాకు ఆరు దాటట్లేదు. ఆ బండి కుర్రాడు ఫ్యాటూ గీటూ చూడకుండా లీటరుకి యాభై చేతిలో పెడుతున్నాడు. నాకెందుకీ పరీక్షలు?"

బండి కుర్రాడంటే మోటార్ సైకిలుకి రెండు వైపులా క్యాన్లు కట్టుకుని ఇంటింటికీ తిరిగే పాల వ్యాపారి. అప్పటికే పదకొండు ఇళ్లు అతనికి పోస్తున్నాయి. సంఘంలో ఉన్నది 62 మంది.

అసలు దెబ్బ మాస్టారు కొట్టారు. రిటైరై మూడేళ్లయింది, రెండు గేదెలు పెట్టుకున్నారు. చంకలోంచి నోటు పుస్తకం తీశారు. "నేను నెల రోజులుగా బోర్డు మీద రాసిన ఫ్యాట్లన్నీ ఎక్కించుకున్నాను. అందరివీ కూడి భాగించాను. సగటు 7.2 వచ్చింది. అదే నెలకి యూనియన్ పంపిన చీటీల్లో మన ఊరి పాలు 6.6. ఇక్కడ 7.2గా బయలుదేరిన పాలు అక్కడికి 6.6గా చేరుతున్నాయంటే దారిలో ఎవరో మీగడ తీస్తున్నారు, లేకపోతే నీళ్లు పోస్తున్నారు. మన బోనస్ తగ్గడానికి కారణం అదే."

సెక్రటరీ దగ్గర ఆ పూట జవాబు లేదు. దొంగతనం జరగలేదని అతనికి తెలుసు. తెలియడం వేరు, చూపించడం వేరు.

*

పాల సంఘాల్లో తగాదా అంటే నూటికి తొంభై వెన్న దగ్గరే. కారణం సులువు. గేదె పాలకి డబ్బు కట్టేది ముఖ్యంగా వెన్న లెక్కనే. పాల బరువుని వెన్న శాతంతో హెచ్చిస్తే ఎన్ని గ్రాముల వెన్న పోశారో తేలుతుంది. కిలో వెన్నకి ఇంతని యూనియన్ రేటు కడుతుంది. వెన్న పోగా మిగిలిన గట్టి సరుకు, అంటే ఎస్‌ఎన్‌ఎఫ్, గేదె పాలలో తొమ్మిది శాతానికి తగ్గితే కోత పడుతుంది. కిలో వెన్న 800 రూపాయలు అనుకుందాం. ఏడు శాతం ఉన్న కిలో పాలలో 70 గ్రాముల వెన్న ఉంటుంది కాబట్టి 56 రూపాయలు. ఆరు శాతమైతే 48. ఒక్క పాయింటుకి కిలో మీద ఎనిమిది రూపాయలు తేడా. పాలు తెల్లగా కళ్ల ముందే ఉంటాయి, వెన్న మాత్రం కంటికి కనపడదు. కనపడనిదానికి డబ్బు కట్టేచోట అనుమానం పుట్టకుండా ఉండదు.

ఈ అనుమానం వయసు తక్కువేం కాదు. పాలని బరువుని బట్టి కొన్నంత కాలం నీళ్లు కలిపినవాడే లాభపడేవాడు. ఆ బాధ పడలేకే 1890లో అమెరికాలో స్టీఫెన్ బాబ్‌కాక్ పల్లెలో కూడా చెయ్యగలిగే వెన్న పరీక్ష కనిపెట్టాడు. మరుసటేడు స్విట్జర్లాండులో నిక్లౌస్ గెర్బర్ ఇంకొకటి తెచ్చాడు. ఆ గెర్బర్ పరీక్షే ఇప్పటికీ మన పాల కేంద్రాల్లో పెద్ద తీర్పు. 1969లో విజయవాడలో పాల ఫ్యాక్టరీ వచ్చి, తర్వాత ఆపరేషన్ ఫ్లడ్ రోజుల్లో ఊరూరా సంఘాలు లేచాక, వెన్న పరీక్ష కృష్ణా డెల్టా గడపల్లోకి వచ్చింది. దానితోపాటు తగాదా కూడా వచ్చింది.

ఆ డిసెంబరులో పాయింట్లు తగ్గడానికి నిజమైన కారణం గేదెల దగ్గరే ఉంది. మన గేదెలు ఎక్కువగా వానాకాలం చివర్లో, చలి మొదట్లో ఈనుతాయి. కొత్తగా ఈనిన గేదె పాలు ఎక్కువిస్తుంది, ఆ పాలు పలచగా ఉంటాయి. ఈత ముదిరే కొద్దీ పాలు తగ్గుతాయి, వెన్న పెరుగుతుంది. అంటే కేంద్రానికి పాలు పోటెత్తే నెలల్లోనే పాయింట్లు దిగుతాయి. పెద్దాయన అయిదు గేదెల్లో మూడు కార్తీకంలోనే ఈనాయి, అందుకే ఆరు దాటట్లేదు. పైగా ఆయనింట్లో ముందు పితికేసి, చివర్లో దూడని వదులుతారు. పొదుగులో మొదటి ధారలు నీళ్లలా ఉంటాయి, వెన్న ఎక్కువగా ఆఖరి ధారల్లోనే దిగుతుంది. అదంతా దూడ పాలవుతోంది. పిన్నికి ఒక్క గేదె. ఒక పూట చేపితే చివరిదాకా పితుకుతుంది, ఇంకో పూట కొడుకు బడికి తొందరపెడితే సగంలో లేస్తుంది. ఏడున్నర, ఆరూ ఎనిమిది రెండూ నిజమే.

ఇదంతా సెక్రటరీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. అనుమానం ఉన్నవాడికి మంచి కారణం కూడా సాకులాగే వినపడుతుంది.

*

ఆ రాత్రి సెక్రటరీ మాస్టారి అంకెలు ముందేసుకుని కూర్చున్నాడు. కూడికల్లో తప్పు లేదు. యూనియన్ చీటీల్లో తప్పు లేదు. తెల్లారగట్ల మూడింటికి అతనికి తప్పు దొరికింది. అది సగటు తీసిన తీరులో ఉంది.

ఆదివారం పొద్దున్న పాలు పోయడం అయ్యాక అందరినీ ఉండమన్నాడు. ముగ్గురి పాలు మాత్రం క్యాన్లో కలపకుండా పక్కన పెట్టించాడు. బోర్డు తుడిచి రాశాడు.

పెద్దాయన: 10 కిలోలు, ఫ్యాటు 6.0
పిన్ని: 2 కిలోలు, ఫ్యాటు 8.5
ఎదురింటి కుర్రాడు: 4 కిలోలు, ఫ్యాటు 7.0

"మాస్టారూ, సగటు చెప్పండి."

"ఆరు, ఎనిమిదిన్నర, ఏడు. కూడితే ఇరవై ఒకటిన్నర. మూడుతో భాగిస్తే 7.17."

"మూడూ ఒకే క్యాన్లో పోస్తే ఎంత రావాలి?"

"అంతే రావాలి. 7.17."

మూడింటినీ ఖాళీ క్యాన్లో పోయించాడు. పెద్ద గరిటె మాస్టారి చేతికే ఇచ్చి, కింద నుంచి పైకి బాగా కలియబెట్టించాడు. కదలకుండా ఉన్న పాలలో మీగడ పైకి తేలుతుంది. పైనుంచి తీస్తే ఎక్కువ, అడుగు నుంచి తీస్తే తక్కువ చూపిస్తుంది. మాస్టారు స్వయంగా సీసా నింపారు. టెస్టర్ని లేవమని, పిన్ని కొడుకుని మిషన్ ముందు కూర్చోబెట్టారు.

6.6.

వరండా అంతా ఒక్క క్షణం ఆగిపోయింది. దొంగ లేడు, వ్యాను లేదు, దారి లేదు. అందరి కళ్ల ముందే 7.17 కాస్తా 6.6 అయింది.

"ఇప్పుడు వెన్న తూచి చూద్దాం," అన్నాడు సెక్రటరీ. "బాబాయ్ పోసిన పది కిలోల్లో వెన్న 600 గ్రాములు. పిన్ని రెండు కిలోల్లో 170. కుర్రాడి నాలుగు కిలోల్లో 280. మొత్తం 1,050 గ్రాములు. పాలు 16 కిలోలు. వందకెంత?"

మాస్టారు పెన్ను తీశారు. రాసుకున్నారు, మళ్లీ రాసుకున్నారు. "6.56," అన్నారు నెమ్మదిగా.

"మీరు మనుషుల సగటు తీశారు మాస్టారూ. క్యాన్లో పడేది మనుషులు కాదు, పాలు. పిన్ని పాలు చిక్కనివే గానీ రెండు కిలోలే. బాబాయ్ పాలు పలచనివి, కానీ పది కిలోలు. ఎవరివి ఎక్కువుంటే క్యాను వాళ్ల వైపు మొగ్గుతుంది."

మాస్టారు పుస్తకం మూశారు. "ఈ పదహారు కిలోల మీద నా లెక్క ప్రకారం దాదాపు 97 గ్రాముల వెన్న పోయింది. మీ రేటులో 77 రూపాయలు. ఎవరూ తినని డబ్బుకి నేను దొంగని వెతికాను." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో సిగ్గు లేదు, లెక్క తేలిన పంతులి తృప్తి ఉంది.

పెద్దాయన మాత్రం కదల్లేదు. "ఇవాళ ముగ్గురివి కలిపి చూపించావు. రేపు? ఎల్లుండి? రోజూ మేం వచ్చి పాలు కలపాలా?"

అక్కడే సెక్రటరీకి చార్టు తట్టింది.

*

అవనిగడ్డ నుంచి గళ్ల చార్టు కాగితం తెచ్చి, కేంద్రం గోడకి అంటించాడు. అడ్డంగా తేదీలు. నిలువుగా 6.0 నుంచి 8.0 దాకా అంకెలు, గడికి 0.1. అంతకుమించి దాని మీద ఏమీ లేదు. పేర్లు లేవు, డబ్బు లెక్కలు లేవు.

రోజుకి రెండు చుక్కలు. మొదటిది నీలం. ఊళ్లో అందరూ పోసిన వెన్న గ్రాములు కూడి, మొత్తం పాల బరువుతో భాగించగా వచ్చిన శాతం. రెండోది ఎరుపు. అవే పాలకి యూనియన్ చీటీలో వచ్చిన శాతం, మర్నాడు చీటీ అందగానే అదే తేదీ మీద పెట్టాలి.

నీలం ఎరుపు కంటే కింద ఉంటే ఊళ్లో జనానికి తక్కువ రాశారని అర్థం. మిగిలిన వెన్న డబ్బు సంఘం పెట్టెలో పడుతోంది, లేకపోతే సెక్రటరీ జేబులో. ఎరుపు కింద ఉంటే కేంద్రం దాటాక పాలకి ఏదో జరిగింది, లేదా ఊళ్లో ఎక్కువ రాశారు. రెండూ ఒకదానికొకటి ఆనుకుని నడిస్తే పోసిన వెన్న పోసినట్టు చేరినట్టే. అక్షరం రానివాళ్లు కూడా చూడగలిగేది అంతే: రెండు రంగులు దగ్గరున్నాయా, దూరంగా ఉన్నాయా.

పెద్దాయన దగ్గరగా వెళ్లి చూశాడు. "చుక్క పెట్టేది నువ్వేగా అబ్బాయ్. ఎర్రది చూసి నీలం దాని పక్కన పెట్టడానికి ఎంతసేపు?"

"అందుకే మీరు పెట్టండి," అన్నాడు సెక్రటరీ. అప్పటికప్పుడు రెండు షరతులు రాసి చార్టు కింద అంటించాడు. నీలం చుక్క వ్యాను కదలకముందే పడాలి, పెన్సిలుతో కాదు, సిరాతో. చీటీ కేంద్రానికి వచ్చేది మర్నాడు కాబట్టి అప్పటికి అది మార్చడానికి వీలుండదు. ఇక ఎర్ర చుక్క సంఘం ఉద్యోగులెవరూ పెట్టకూడదు. చీటీ గోడకి గుచ్చి ఉంటుంది, అది చూసి సభ్యుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు పెట్టాలి. మొదటి నెలకి తొమ్మిదో తరగతి చదివే పిన్ని కూతురు ఒప్పుకుంది.

ఒక సంగతి కూడా ముందే తేల్చుకున్నారు. రెండు చుక్కలూ ఒకే గడిలో రోజూ పడవు. మిషన్ కొలతలోనే కొద్దిగా అటూ ఇటూ ఉంటుంది, క్యాన్ల గోడలకి మీగడ అంటుకుంటుంది. ఇక్కడ లీటర్లలో కొలిచి అక్కడ కిలోల్లో తూస్తే ఇంకో చిక్కు, లీటరు పాలు దాదాపు 1.03 కిలోలు తూగుతాయి. అందుకే రెండు చోట్లా కిలోలే వాడాలి. ఇక మిగిలిన ఒక గడి తేడా పట్టించుకోవద్దనుకున్నారు. ఒక రోజు నీలం పైన, ఇంకో రోజు ఎరుపు పైన ఉంటే అది కొలతల ఊగిసలాట. ఒకే రంగు రోజు తర్వాత రోజు కిందే ఉండిపోతే మాత్రం ఎక్కడో లోపం ఉంది.

మాస్టారికి ఇది తెగ నచ్చింది. పొద్దున్నే వచ్చి గ్రాముల కూడిక ఆయనే చేసేవారు.

*

పది రోజులు రెండు రంగులూ ఒకదానినొకటి దాటుకుంటూ నడిచాయి. జనం చూడ్డం మొదలెట్టారు. పాలు పోసి, చార్టు ముందు ఆగి, ఏదో ఒకటి అని వెళ్లేవాళ్లు. పిన్ని పాయింట్ల గొడవ తగ్గింది. తన ఒక్కదాని పాయింటు పడిపోయిన రోజున ఊరి చుక్క నిలబడి ఉంటే కారణం తన గేదె దగ్గరే వెతుక్కునేది. అందరిదీ కలిసి దిగితే అప్పుడు సెక్రటరీని అడిగేది.

పదకొండో రోజు ఎరుపు రెండు గళ్లు పైన పడింది. పన్నెండో రోజూ అంతే. పదమూడు, పద్నాలుగు అదే తీరు. పదహారో రోజుకి ఆరు ఎర్ర చుక్కలు వరసగా నీలం మీద రెండేసి గళ్ల ఎత్తున నిలబడ్డాయి. యూనియన్లో 6.8, ఊళ్లో 6.6.

దాని అర్థం ఆ వరండాలో అందరికంటే ముందు సెక్రటరీకే తెలుసు. జనానికి తక్కువ రాశారు. ఆరు రోజుల వెన్న డబ్బు సంఘం ఖాతాలో మిగిలింది. చార్టు లేకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. సంవత్సరం చివర లెక్కల్లో లాభం కింద కనపడి, సెక్రటరీకి మంచి పేరు తెచ్చేది.

మధ్యాహ్నం అలమరలోంచి గెర్బర్ సామాను తీయించాడు. అది మూలన పడి చాలాకాలమైంది. మిషన్ అర నిమిషంలో అంకె చూపిస్తుంటే ఆసిడ్ జోలికి ఎవరు పోతారు? సాయంత్రం పాలు పోయడానికి వచ్చినవాళ్ల ముందే పరీక్ష మొదలెట్టాడు.

సన్నమెడ గాజు సీసాలో ముందు 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ ఆసిడ్. దాని మీద సీసా గోడ వెంబడి జారేట్టు, రెండూ ఒకేసారి కలిసిపోకుండా 10.75 మిల్లీలీటర్ల పాలు. ఆపైన ఒక్క మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్. బిరడా బిగించి, గుడ్డలో చుట్టి తలకిందులుగా ఊపాడు. పాలు తెలుపు నుంచి గోధుమ రంగుకి, గోధుమ నుంచి ముదురు కాఫీ రంగుకి తిరిగాయి. గుడ్డలోంచి కూడా సీసా చెయ్యి కాలేంత వేడెక్కింది. ఆసిడ్ పాలలో ఉన్న మిగతా సరుకునంతా కరిగించేస్తుంది, వెన్న ఒక్కదాన్ని వదిలేస్తుంది. తిప్పుడు యంత్రంలో అయిదు నిమిషాలు గిరగిరా తిప్పి, 65 డిగ్రీల నీళ్లలో నిలబెట్టి తీస్తే, సన్నమెడలో తేనెరంగు పట్టీ ఒకటి తేలింది. దాని పొడవే వెన్న శాతం.

"6.8," అని చదివారు మాస్టారు కళ్లజోడు పైకెత్తి.

అవే పాలకి మిషన్ 6.6 చూపించింది.

కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. పాలు పారే సన్నటి గొట్టాల్లో పాల పాచి పేరుకుంది. టెస్టర్ కుర్రాడు రోజూ ఉత్త నీళ్లతో కడుగుతున్నాడు, కంపెనీ ఇచ్చిన మందు నీళ్లతో వారానికోసారి కడగడం మానేశాడు. సీసా నిండా మందు అలాగే ఉంది. మందుతో కడిగి, మంచి నీళ్లతో మళ్లీ కడిగి, గెర్బర్ అంకెతో సరిచూసి మిషన్ని సర్దుబాటు చేశాక 6.8 చూపించింది.

మర్నాడు పొద్దున్న సెక్రటరీ చార్టు పక్కన నిలబడి లెక్క చెప్పాడు. "రోజుకి 240 కిలోల చొప్పున ఆరు రోజులకి 1,440 కిలోలు. కిలోకి రెండు గ్రాముల వెన్న తక్కువ రాశాం. మొత్తం రెండు కిలోల 880 గ్రాములు. 800 లెక్కన 2,304 రూపాయలు. ఇది మీ డబ్బు. కిలో పాలకి రూపాయి అరవై పైసల చొప్పున ఈ బిల్లులో కలుపుతున్నాం. పిన్నీ, మీవి రోజుకి నాలుగు కిలోల చొప్పున 24 కిలోలు, 38 రూపాయల 40 పైసలు. బాబాయ్, మీ పాలు రెండు పూటలా కలిపి రోజుకి ఇరవై కిలోలు, 192 రూపాయలు."

పెద్దాయన చాలాసేపు గోడ వైపు చూశాడు. "నీకు వ్యతిరేకంగా పడ్డ చుక్కలు కూడా చెరపలేదన్నమాట," అన్నాడు.

"చెరపడానికి పెన్సిలుతో పెట్టలేదు కదా బాబాయ్."

పది రోజులు సరిపోయిన చుక్కల కంటే సరిపోని ఆరు చుక్కలే ఆ ఊళ్లో ఎక్కువ పని చేశాయి. సరిపోయినప్పుడు జనం "వీడు తెలివిగా కలుపుతున్నాడేమో" అనుకోవచ్చు. సరిపోనప్పుడు కూడా గోడ మీద ఉంచి, డబ్బు తిరిగి ఇచ్చిన లెక్కని అనుమానించడం కష్టం.

*

నెలాఖరు మీటింగులో అందరూ చార్టుని మెచ్చుకుంటుంటే, గోడకి ఆనుకుని కూర్చున్న ముసలమ్మ చెయ్యెత్తింది. 1977 నవంబరు 19 ఉప్పెనలో గొడ్డూ గోదా అంతా పోగొట్టుకుని, ఒక్క పడ్డతో మళ్లీ మొదలెట్టిన మనిషి.

"ఒరే అబ్బాయ్, మొత్తం సరిపోయింది. బాగానే ఉంది. నా సీసాలో అర పాయింటు కోసి, నీ బావమరిది సీసాలో అర పాయింటు కలిపావనుకో. నీ రెండు చుక్కలకి ఆ సంగతి తెలుస్తుందా?"

మీటింగు గప్‌చుప్‌ అయింది. మాస్టారు ఏదో అనబోయి ఆగారు. ముసలమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇద్దరూ సమానంగా పాలు పోసేవాళ్లయితే, ఒకరిది తీసి ఇంకొకరికి వేసినా ఊరి మొత్తం మారదు. నీలం చుక్క కదలదు. ఆ చార్టు ఊరికీ యూనియన్‌కీ మధ్య జరిగేదాన్నే చూపిస్తుంది. ఊళ్లో ఒకరికీ ఇంకొకరికీ మధ్య జరిగేదాన్ని చూపించదు.

"తెలియదు అమ్మమ్మా," అన్నాడు సెక్రటరీ. "దానికి వేరే పద్ధతి కావాలి."

పద్ధతి టెస్టర్ కుర్రాడే చెప్పాడు. మందు సీసా సంగతి బయటపడ్డాక అతను మీటింగుల్లో నోరెత్తడం అదే మొదటిసారి. వారానికి ఒక పూట ఏ పూటో ముందు చెప్పకుండా, సభ్యుల్లో ఒకరు ఏవైనా అయిదుగురి పాలు బాగా కలిపి, ఒక్కొక్కరివి రెండేసి సీసాలు నింపాలి. సీసాల మీద పేర్లు ఉండవు, చిత్తొచ్చిన నెంబర్లు ఉంటాయి. ఏ నెంబరు ఎవరిదో ఆ సభ్యుడి జేబులో చీటీ మీద ఉంటుంది. పది సీసాలూ కలగలిపి మిషన్ దగ్గరికి వస్తాయి. పరీక్ష చేసేవాడికి ఎవరి పాలో తెలియదు. అంకెలన్నీ వచ్చాక చీటీ విప్పుతారు. ఒకే పాల రెండు సీసాలకీ ఒకే అంకె రావాలి, లేదా ఒక పాయింటులో పదో వంతు తేడాలో ఉండాలి. ఆ అంకెలకీ, అదే పూట వాళ్ల కార్డుల్లో రాసిన అంకెలకీ పొంతన ఉండాలి. జంట సీసాలు ఒకదానితో ఒకటి కలవకపోతే లోపం మిషన్లో ఉంది, లేదా పాలు కలియబెట్టడంలో ఉంది. జంట కలిసి, కార్డుతో కలవకపోతే లోపం మనిషిలో ఉంది.

ముసలమ్మ మొదటి వారం సీసాలు తానే నింపుతానంది. నింపింది. అయిదు జంటలూ కలిశాయి, కార్డులతో కూడా కలిశాయి. అందులో సెక్రటరీ బావమరిది పాలు కూడా ఉన్నాయి. ఆవిడ ఏరికోరి తీసుకున్నది వాటినే.

*

సంక్రాంతి నాటికి బండి కుర్రాడికి పోస్తున్న పదకొండు ఇళ్లలో ఎనిమిది తిరిగి వచ్చాయి. వీళ్లవన్నీ ఏడు, ఏడున్నర, ఎనిమిది పాయింట్ల పాలు. ఎనిమిది పాయింట్ల కిలో పాలకి సంఘంలో 64 రూపాయలు వస్తుంటే, లీటరు యాభైకి పోసి ఇన్నాళ్లూ ఎంత వదులుకున్నారో లెక్కేసుకున్నారు. మిగతా ముగ్గురు రాలేదు. వాళ్ల గేదెలు కొత్తగా ఈనినవి, పాలు ఆరుకి అటూ ఇటూ. ఆరు పాయింట్ల లీటరుకి సంఘంలో 49 రూపాయల చిల్లరే వస్తుంది. అక్కడ యాభై.

వాళ్లని కూడా వెళ్లి బతిమాలి తీసుకురమ్మని ప్రెసిడెంటు అన్నాడు. సెక్రటరీ వెళ్లలేదు. "ఈ నెలకి వాళ్ల లెక్క సరైనదే. వేసవికి వాళ్ల పాలు చిక్కబడతాయి, అప్పుడు వాళ్లే మళ్లీ లెక్కేసుకుంటారు," అన్నాడు.

ఆరు పాయింట్ల పెద్దాయన మాత్రం సంఘంలోనే ఉన్నాడు. యాభై పైసల తేడాకి ఎందుకు వెళ్లలేదని బండి కుర్రాడు దారిలో ఆపి అడిగితే ఆయన చెప్పిన జవాబు ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. "నువ్వు నా పాలు ఎక్కడికి తీసుకెళ్తావో, అక్కడ ఎంత ఫ్యాటు తేలిందో నాకెప్పుడన్నా చీటీ చూపించావా? చూపించు. గోడ మీద ఇంకో రంగు చుక్క పెట్టడానికి చోటుంది."

దూడని మాత్రం ఇప్పుడు ముందు వదులుతున్నాడు. ఆఖరి ధారలు చెంబులోకి పడుతున్నాయి. కిందటి బిల్లులో ఆయన పాయింటు 6.7.